రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా అదురు తగ్గలేదు, ఇప్పుడు టైరు మీద ఎత్తు కనిపిస్తోంది

హైవే_65
పాత కారు కొన్నాను. టైర్లు 185/65 ఆర్15, నాలుగూ ఒకే కంపెనీవి, గాడులు ఇంకా సగం పైనే ఉన్నాయి. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లేటప్పుడు 60 దాటగానే అదురు మొదలై 80 దగ్గర గట్టిగా తెలుస్తోంది. షాపులో బ్యాలెన్సింగ్ చేయించాను. వారం బాగుంది, మళ్లీ మొదలైంది. రెండోసారి చేయించాను, ఈసారి రెండు రోజులకే వచ్చింది. నిన్న కారు కడుగుతుంటే వెనక ఎడమ టైరు ట్రెడ్ మీద, బయటి అంచుకు దగ్గరగా, అరచేయంత మేర కొంచెం ఉబ్బినట్టు చేతికి తగిలింది. ఆ చోట రబ్బరు మిగతాదానికంటే ఎక్కువ అరిగి నున్నగా ఉంది. షాపతను "అలైన్‌మెంట్ చేయిద్దాం" అంటున్నాడు. ఇంతకీ ఇది ఏమిటి? ఆదివారం మళ్లీ విజయవాడ వెళ్లాలి.

గోదారి_గట్టు
అలైన్‌మెంటే. మా కారుకీ ఇలాగే టైరు ఒక పక్క అరిగింది.

రబ్బరు_మాస్టారు
అలైన్‌మెంట్ తేడా అయితే అరుగుదల చుట్టూరా ఒకే తీరుగా ఉంటుంది, ఒక్క చోట అరచేయంత మేర రాదు. నాలుగు విషయాలు చెప్పండి. అదురు సీటులో తెలుస్తోందా, స్టీరింగులోనా? టైరు మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఏమున్నాయి? ఆ ఉబ్బు దగ్గర ఎప్పుడైనా పంక్చరు వేసిన గుర్తు ఉందా? గాలి వారానికి ఎంత తగ్గుతోంది?

జవాబు వచ్చేదాకా ఆ చక్రంతో హైవే ఎక్కకండి. ఈ రోజే తీసేసి స్టెప్నీ వేసుకోండి.

నైట్‌డ్యూటీ
ఉబ్బు అంటే బుడగ. గుంతలో పడినప్పుడు వస్తుంది. నాదీ అంతే, సైడ్‌వాల్ మీద కోడిగుడ్డంత వచ్చింది. టైరు మార్చాను, సమస్య పోయింది.

హైవే_65
మాస్టారు గారూ, అదురు సీటులోనే, స్టీరింగు నిశ్చలంగా ఉంది. అంకెలు 2318. ఉబ్బుకు బెత్తెడు దూరంలో, ట్రెడ్ సైడ్‌వాల్‌లోకి వంగే షోల్డర్ మీద, పంక్చరుకు స్ట్రిప్ వేసిన నల్లటి ముక్క తేలి ఉంది. అది నేను వేయించింది కాదు, కారుతో పాటే వచ్చింది. గాలి ఆ ఒక్క టైరులో వారానికి నాలుగైదు పీఎస్ఐ తగ్గుతోంది, మిగతా మూడూ బాగానే నిలుస్తున్నాయి. అదురు సీటులోనే కాదు, మొన్న దారి పొడవునా మా అత్తగారి మాటల్లో కూడా వినిపించింది.

రబ్బరు_మాస్టారు
అయితే నా అనుమానం బలపడింది. నేను చాలా కాలం టైర్ల ఫ్యాక్టరీలో పనిచేశాను, చివరి ఏళ్లలో వారంటీ కింద తిరిగొచ్చిన టైర్లను కోసి చూడడమే నా పని. మీ టైరులో రెండు స్టీలు బెల్టులు ఒకదాన్నొకటి వదులుతున్నాయి.

2318 అంటే 2018లో 23వ వారం, అంటే జూన్‌లో తయారైన టైరు. సీటులో అదురంటే వెనక చక్రమని ఎక్కువగా అనుకోవచ్చు. బ్యాలెన్సింగ్ చేసిన కొద్ది రోజులకే మళ్లీ రావడం అసలు గుర్తు. లోపల పొర విడిపోతూ ఉంటే టైరు ఆకారం రోజురోజుకూ మారుతుంది, నిన్న అంటించిన సీసం బరువు నేటి ఆకారానికి సరిపోదు.

నైట్‌డ్యూటీ గారు చెప్పిన సైడ్‌వాల్ బుడగ వేరు. అక్కడ తెగేవి బాడీ ప్లై దారాలు. కారు రేడియల్‌లో ఆ దారాలు పాలిస్టరువి. రిమ్ములో కూర్చునే అంచు, అంటే బీడింగు, ఒక వైపుది నుంచి రెండో వైపుది దాకా, టైరు తిరిగే దిశకు అడ్డంగా, నిటారుగా వెళ్తాయి. గాలి ఒత్తిడిని మోసేవి అవే. గుంత అంచు టైరును రిమ్ముకు అదిమినప్పుడు మధ్యలో నలిగి కొన్ని దారాలు తెగుతాయి. పైన రబ్బరుకు గీత కూడా పడకపోవచ్చు, కానీ దారం లేని చోట గాలి రబ్బరును బయటికి తోస్తుంది. అది ఒక్క దెబ్బతో వచ్చేది. మీది నెలల తరబడి నెమ్మదిగా పెరిగింది.

ఎర్రమన్ను
మాది అనంతపురం. ఎండాకాలం ఇక్కడ అందరూ గాలి తగ్గించే నడుపుతారు. వేడికి లోపల గాలి పెరిగి టైరు పేలుతుంది కాబట్టి 33 ఉండాల్సిన చోట 28 పెట్టుకోవాలి. కింద కూర్చునే టైరుకు పట్టు కూడా బాగుంటుంది. ఈయన ఎక్కువ గాలి పెట్టి ఎండలో తిప్పారేమో.

రబ్బరు_మాస్టారు
ఎర్రమన్ను గారూ, మీరు చెప్పినదాంట్లో మొదటి సగం నిజం. లోపలి గాలి వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది, అయిదారు డిగ్రీలకు దాదాపు ఒక పీఎస్ఐ. కానీ కారు కంపెనీ తలుపు పక్కన అంటించిన అంకె చల్లటి టైరుకు చెప్పినది, ఆ పెరుగుదలను లెక్కలో పెట్టుకునే చెప్పినది. మంచి టైరు ఆ నాలుగైదు పీఎస్ఐలకు పేలదు.

గాలి తగ్గిస్తే ఏమవుతుందో చూడండి. ట్రెడ్ కింద రెండు స్టీలు బెల్టులు ఉంటాయి. ఒకదాని తీగలు ఎడమకు వాలి ఉంటే రెండోదాని తీగలు కుడికి వాలి ఉంటాయి, నడుమ పలుచని రబ్బరు. రెండు అరచేతులనూ వేళ్లు ఏటవాలుగా ఉండేలా ఒకదాని మీద ఒకటి పెట్టి, కొంచెం నొక్కి అటూ ఇటూ కదపండి. చేతుల అంచుల దగ్గరే ఎక్కువ జారుతుంది. టైరు నేలను తాకి చదునైన ప్రతిసారీ బెల్టుల అంచుల దగ్గర జరిగేది అదే. మీ సైజు టైరు కిలోమీటరుకు సుమారు 510 సార్లు తిరుగుతుంది. 80లో వెళ్తుంటే సెకనుకు 11 సార్లు ఆ నలుగుడు. గాలి తక్కువైతే ప్రతి నలుగుడూ పెద్దదవుతుంది. రబ్బరు నలిగిన కొద్దీ వేడి పుడుతుంది, ఆ వేడి బయటికి పోవడానికి అత్యంత కష్టమైన చోటు టైరులో అన్నింటికంటే మందంగా ఉండే షోల్డరే. మే నెల రోడ్డు మీద 28తో వెళ్లేవాళ్లు పేలుడు నుంచి తప్పించుకోవడం లేదు, దానికి దగ్గరవుతున్నారు.

ఎర్రమన్ను
మా నాన్నగారి కాలం నుంచి చేస్తున్నదే, ఇంతవరకు ఏ టైరూ పేలలేదు.

రబ్బరు_మాస్టారు
మీ నాన్నగారి కాలంలో చాలావరకు ట్యూబు ఉన్న నైలాన్ టైర్లు, వేగం 50, 60. వాటి కట్టుబడి వేరు. అందులో పొరలన్నీ ఏటవాలుగా ఒకదాని మీదొకటి ఉంటాయి, విడిగా స్టీలు బెల్టు లేదు. అక్కడ పనికొచ్చిన అలవాటు ఇక్కడ పనికిరాదు.

డాలస్_పద్మ
మాస్టారు గారు చెప్పింది చదివితే 2000 సంవత్సరంలో ఇక్కడ జరిగింది గుర్తొచ్చింది. అప్పుడే మేము టెక్సస్ వచ్చాం. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల ట్రెడ్ హైవేల మీద ఊడిపోయి బండ్లు బోల్తా పడ్డాయి. ఆ ఆగస్టులో 65 లక్షల టైర్లు వెనక్కి తీసుకున్నారు. అమెరికా రహదారి భద్రతా సంస్థ లెక్కలో 271 మరణాలు వాటితో ముడిపడ్డాయి. ఫిర్యాదుల్లో ఎక్కువ టెక్సస్, ఫ్లోరిడా, అరిజోనా, కాలిఫోర్నియా లాంటి వేడి రాష్ట్రాలవే. ఫోర్డ్ చెప్పిన గాలి 26 పీఎస్ఐ, తర్వాత ఫైర్‌స్టోన్ 30 పెట్టమంది. ఎవరిది తప్పని రెండు కంపెనీలూ పత్రికల్లో పోట్లాడుకున్నాయి.

రబ్బరు_మాస్టారు
అవును పద్మ గారూ, అక్కడా ఊడింది ఇదే చోట. కింది బెల్టు టైరుకే అంటుకుని ఉండగా పై బెల్టు ట్రెడ్‌తో సహా లేచిపోయింది. ఆ దర్యాప్తులో బెల్టు అంచుల మధ్య ఉండే రబ్బరు పట్టీ మందం, షోల్డర్ ఆకృతి, రబ్బరు వయసుతో బలహీనపడడం, ఇవన్నీ చర్చకు వచ్చాయి. తర్వాత వచ్చిన చట్టం వల్లే అమెరికాలో కొత్త కార్లకు గాలి ఒత్తిడిని చూపించే హెచ్చరిక దీపం తప్పనిసరి అయ్యింది. ఒక్క కారణం చెప్పి ముగించగలిగిన కథ కాదది.

ఆటోనగర్_బాబాయి
మాకు లారీలున్నాయి. రోడ్డు మీద పడి ఉండే రబ్బరు పట్టీలు చూసి జనం "రీట్రెడ్ ఊడింది" అని తేల్చేస్తారు. ఈసారి బండి పక్కకు ఆపినప్పుడు ఆ పట్టీని తిరగేసి చూడండి. రబ్బరు ఒక్కటే నున్నగా ఊడి ఉంటే రీట్రెడ్ అంటు వదిలినట్టు. తీగలు పళ్లు బయటపెట్టి ఉంటే అది లోపలి బెల్టే లేచిపోవడం, కొత్త టైరుకైనా అలాగే అవుతుంది. నేను చూసినవాటిలో తీగలున్నవే ఎక్కువ.

నైట్‌డ్యూటీ
రోడ్డు మీద ఆగి పట్టీలు తిరగేసేంత తీరిక ఎవరికుంది బాబాయి?

ఆటోనగర్_బాబాయి
టైరు ధర తెలిసినవాడికి తీరిక దానంతట అదే వస్తుంది.

మామిడితోట
నా సమస్య కూడా గాలి తగ్గడమే. కొత్త టైరు వేయించినప్పటి నుంచి వారానికి మూడు పీఎస్ఐ పోతోంది, మేకు ఎక్కడా లేదు. నాకూ బెల్టు విడిపోతున్నట్టా? భయమేస్తోంది, పిల్లల్ని రోజూ బడికి దింపుతాను.

రబ్బరు_మాస్టారు
మామిడితోట గారూ, మీది వేరేలా ఉంది, భయపడకండి. చక్రాన్ని విప్పి సబ్బు నీళ్లు పోయించండి. రిమ్ము అంచు చుట్టూ, వాల్వు మొదట్లో, ట్రెడ్ మీద. బుడగలు రిమ్ము అంచు దగ్గర వస్తే అది బీడింగు కూర్చున్న చోటు. అల్లాయ్ చక్రాలా?

మామిడితోట
అల్లాయే. షాపులో పోయించాను, మీరన్నట్టే రిమ్ము అంచున ఒక చోట సన్నటి నురగ వస్తోంది. టైరు ఎక్కించేటప్పుడు ఆ అబ్బాయి రెండు రాడ్లు పెట్టి సుత్తితో కొట్టాడు.

రబ్బరు_మాస్టారు
రెండింటిలో ఒకటి. అల్లాయ్ మీద పూత లేచి తెల్లటి పొడిలా తుప్పు పట్టి ఉండవచ్చు, అప్పుడు రిమ్ము అంచును శుభ్రం చేసి మళ్లీ ఎక్కిస్తే సరిపోతుంది. లేదా రాడ్డు బీడింగు రబ్బరును చీల్చి ఉండవచ్చు. బీడింగు లోపల చుట్టలు చుట్టిన గట్టి స్టీలు తీగలు ఉంటాయి, టైరును రిమ్ముకు పట్టి ఉంచేది ఆ చుట్టే. బాడీ ప్లై దాని చుట్టూ తిరిగి పైకి మడిచి ఉంటుంది. టైరు విప్పించి బీడింగు లోపలి అంచును వేలితో చుట్టూరా తడిమి చూడండి. పైరబ్బరు మాత్రమే గీరుకుంటే పరవాలేదు. దారాలు కనిపిస్తున్నా, తీగ వంగి మెలిక పడినట్టు తగిలినా ఆ టైరు కొత్తదైనా వద్దు.

తిరిగి ఎక్కించేటప్పుడు దగ్గరుండి చూడండి. బీడింగుకు సబ్బు నురగ రాయాలి. గాలి కొట్టేటప్పుడు 40 పీఎస్ఐ లోపే టప్పు టప్పుమని కూర్చోవాలి. కూర్చోకపోతే ఇంకా కొట్టమని అడగవద్దు. గాలి తీసి, మళ్లీ నురగ రాసి, సరిచేసి కొట్టాలి. మొండికేసిన బీడింగు మీద ఒత్తిడి పెంచుతూ పోతే లోపలి తీగ తెగిపోతుంది. అలా తెగినప్పుడు టైరు మీదికి వంగి ఉన్న మనిషి బతకడం కష్టం.

గోదారి_గట్టు
ఇంత గొడవ ఎందుకు, ట్యూబు వేసేస్తే గాలి సమస్యే ఉండదు కదా. హైవే_65 గారిక్కూడా అదే చెబుతాను. మా ఊళ్లో అందరూ వేస్తారు.

ఆటోనగర్_బాబాయి
ట్యూబు గాలిని ఆపుతుంది తమ్ముడూ, విడిపోయిన బెల్టును కుట్టదు. పైగా ట్యూబ్‌లెస్ టైరు లోపల ట్యూబు రాసుకుని ఇంకా వేడెక్కుతుంది.

హైవే_65
స్టెప్నీ వేసేశాను, పాత టైరు డిక్కీలో ఉంది. నాకు అర్థం కానిది ఒకటే. ఆ స్ట్రిప్‌కూ బెల్టు విడిపోవడానికీ సంబంధం ఉందా? నిన్న వెళ్లిన పంక్చరు షాపులో "ట్యూబ్‌లెస్‌లో స్ట్రిప్ వేస్తే టైరు జీవితకాలం ఢోకా లేదు" అన్నారు.

రబ్బరు_మాస్టారు
ఉండవచ్చు, కోసి చూస్తే తెలుస్తుంది. ఎందుకంటానో చెబుతాను.

ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు పని చేసేది లోపలి గోడకు అతుక్కుని ఉన్న లైనర్. బ్యూటైల్ రకం రబ్బరు, ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం. గాలిని పోనివ్వకుండా ఉండడంలో మిగతా రబ్బరుకంటే చాలా మెరుగు, అయినా పూర్తిగా ఆపదు. మంచి టైరు కూడా నెలకు ఒకటి రెండు పీఎస్ఐ పోగొట్టుకుంటుంది. మేకు దిగినప్పుడు ట్రెడ్, బెల్టులు, ప్లై, లైనర్, అన్నింటికీ కలిపి ఒకే రంధ్రం. బయటి నుంచి గుచ్చిన స్ట్రిప్ ఆ దారిని మూస్తుంది గానీ లైనర్‌కు పడిన చిల్లును లోపలి వైపు అతికించదు. కొంచెం కొంచెం గాలి చిల్లు పక్కగా పొరల మధ్యకు చేరుతుంది. బయటి నుంచి వర్షపు నీరు అదే దారిలో తీగలను తాకుతుంది.

స్టీలు తీగకు ఇత్తడి పూత ఉంటుంది. టైరును అచ్చులో ఉడికించేటప్పుడు రబ్బరులోని గంధకం ఆ పూతలోని రాగితో కలిసి తీగను రబ్బరుకు బంధిస్తుంది. బెల్టును పట్టీలుగా కోసిన చోట తీగ మొనలకు ఆ పూత ఉండదు, అక్కడ అంటు మొదటి నుంచీ బలహీనమే. ప్రతి మొన చుట్టూ సన్నటి పగుళ్లు పుడతాయి, పక్క పక్క పగుళ్లు కలుస్తాయి, తర్వాత రెండు బెల్టుల నడుమ ముందుకు సాగుతాయి. ఆ ప్రాంతంలోనే తుప్పు కూడా తోడైతే పని తొందరగా అయిపోతుంది. అందుకే పంక్చరును ట్రెడ్ మధ్య భాగంలోనే, చిల్లు ఆరు మిల్లీమీటర్లు దాటకపోతేనే బాగుచేయమంటారు. టైరు విప్పి, లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ వేయాలి. దాని కాడ చిల్లును నింపుతుంది, గొడుగు లైనర్‌ను మూస్తుంది. షోల్డర్ మీద ఏ పంక్చరూ వేయకూడదు.

నైట్‌డ్యూటీ
దీన్ని నేను ఒప్పుకోలేను. నా పాత టైరుకు మూడు స్ట్రిప్పులు ఉండేవి, గాడులు పూర్తిగా అరిగిపోయేదాకా తిరిగింది. హైవే మీద రాత్రిపూట విప్పి ప్యాచ్ వేసేవాడు ఎక్కడ దొరుకుతాడు?

రబ్బరు_మాస్టారు
రాత్రి దారిలో స్ట్రిప్ వేసుకుని ఇంటికి రండి, అందులో తప్పు లేదు. ఇంటికొచ్చాక విప్పించాలి. విప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. పంక్చరు అయ్యాక గాలి లేకుండా ఎంత దూరం నడిపారో టైరు లోపల రాసి ఉంటుంది. సైడ్‌వాల్ లోపలి గోడ మీద చుట్టూరా ముడతల వలయం, లోపల నల్లటి రబ్బరు పొడి ఉంటే ప్లై దారాలు వేడికి చెడ్డాయని అర్థం. అలాంటి టైరుకు బయటి నుంచి స్ట్రిప్ వేసి గాలి నింపితే పైకి అంతా మామూలుగానే కనిపిస్తుంది.

ఆటోనగర్_బాబాయి
ఈ మాట లారీలవాళ్లు గోడ మీద రాసి పెట్టుకోవాలి. మా టైర్లలో బాడీ ప్లై కూడా స్టీలే. జంట చక్రాల్లో లోపలి టైరు గాలి ఎవరూ చూడరు. మా క్లీనరు రాడ్డుతో తట్టి "బాగుంది" అంటాడు. పూర్తిగా పోయిన గాలి ఆ దెబ్బకు తెలుస్తుంది, పాతిక పీఎస్ఐ తగ్గితే ఏ చెవికీ తెలియదు. అలా తిరిగిన టైరు సైడ్‌వాల్‌లో తీగలు వంగి వంగి ఒక్కొక్కటే తెగుతుంటాయి. బండి కదులుతున్నంతసేపూ ఏమీ కాదు. షాపుకు తెచ్చి మళ్లీ గాలి నింపేటప్పుడు వరసగా మిగతావన్నీ తెగి సైడ్‌వాల్ జిప్పు తీసినట్టు చీలిపోతుంది.

మా పక్క షెడ్డులో ఒక కుర్రవాడికి చెయ్యి పోయింది. గాలి నింపుతుంటే చిటపటమని సన్నగా శబ్దం వచ్చిందని, దగ్గరికి వంగి విన్నానని తర్వాత చెప్పాడు. ఆ శబ్దం వినగానే గాలి ఆపి దూరంగా పరుగెత్తాలి. అప్పటి నుంచి మా దగ్గర ఇనుప బోను లేకుండా గాలి కొట్టము. పొడుగు గొట్టం తగిలించి, టైరుకు ఎదురుగా కాకుండా ముందు వైపుకో వెనక వైపుకో నిలబడతాం.

రబ్బరు_మాస్టారు
బాబాయి గారు చెప్పిన దానికి ఒక కొలత జోడిస్తాను. అమెరికా కార్మిక భద్రతా నిబంధనల్లో లారీ టైరుకు హద్దు 80 శాతం. 120 పీఎస్ఐ ఉండాల్సిన టైరు 96కో అంతకంటే కిందికో దిగి నడిచి ఉంటే, బండి మీదే గాలి నింపేయకూడదు. గాలంతా తీసి, విప్పి, లోపల చూశాకే బోనులో పెట్టి నింపాలి.

మామిడితోట
మాస్టారు గారూ, విప్పించాను. బీడింగు బాగుంది, రిమ్ము అంచున తెల్లటి తుప్పు ఉంది. గీకి, సబ్బు రాసి ఎక్కించారు, రెండు రోజులుగా గాలి నిలిచింది. కానీ ఇంకో టైరు సైడ్‌వాల్ మీద నిలువుగా, లోపలికి నొక్కినట్టు సన్నటి గాడి ఒకటి చూశాను. ఇవన్నీ చదివాక నిద్ర పట్టడం లేదు.

రబ్బరు_మాస్టారు
హాయిగా నిద్రపోండి. బాడీ ప్లై ఒక బట్టలా వస్తుంది, దాన్ని చుట్టి రెండు అంచులను ఒకదాని మీద ఒకటి వేసి అతికిస్తారు. ఆ అతుకు దగ్గర దారాలు రెండింతలు ఉంటాయి కాబట్టి అక్కడ తక్కువ సాగుతుంది, గాలి నింపితే లోపలికి పోయినట్టు కనిపిస్తుంది. లోపలికి ఉన్న నిలువు గాడి బలమైన చోటే. బయటికి ఉబ్బినదే ప్రమాదం.

ఎర్రమన్ను
నత్రజని నింపితే ఇవేవీ రావని పెట్రోలు బంకులో చెబుతున్నారు. అదైనా నిజమేనా?

రబ్బరు_మాస్టారు
కొంత నిజం ఉంది. లైనర్ గుండా మెల్లగా లోపలికి చొరబడే ఆక్సిజన్ బెల్టు అంచుల రబ్బరును లోపలి నుంచి గట్టిపరుస్తుంది, నత్రజని ఆ పని చేయదు. కానీ మామూలు గాలిలో 78 శాతం నత్రజనే. ఒకసారి నింపి, తర్వాత మామూలు గాలి కలుపుతూ పోతే ఆ లాభం కరిగిపోతుంది. నత్రజని ఉంది కదా అని నెలల తరబడి గాలి చూడకపోతే మిగిలేది నష్టమే.

హైవే_65
ఈ రోజు టైరు కోయించాను. తెలిసిన రీట్రెడింగ్ షాపులో కోసి చూపించారు. మాస్టారు గారు చెప్పినట్టే రెండు బెల్టుల మధ్య జానెడు పొడవున విడిపోయి ఉంది, బయటి అంచు నుంచి లోపలికి మూడు వేళ్ల లోతు. విడిపోయిన రెండు ముఖాలూ నున్నగా, రాసుకుని మెరుగు పెట్టినట్టున్నాయి. స్ట్రిప్ దగ్గర తీగలు గోధుమ రంగులో పొడి రాలుతున్నాయి. కానీ విడిపోయిన భాగం రెండో కొసన తీగలు ఇత్తడి రంగులోనే మెరుస్తున్నాయి. లైనర్ మీద లేత ముడతలు కూడా ఉన్నాయి.

రబ్బరు_మాస్టారు
మెరుగు పెట్టినట్టున్నాయంటే ఆ ముఖాలు చాలా కాలంగా ఒకదానితో ఒకటి రాసుకుంటున్నాయి, ఇది నిన్న మొన్నటిది కాదు. లేత ముడతలు తక్కువ గాలితో తిరిగిన గుర్తు. స్ట్రిప్ దగ్గరి తుప్పు, గాలి తక్కువగా తిరగడం, ఏళ్లు పైబడడం, మూడూ ఉన్నాయి. ఏది ముందు మొదలైందో ఈ ఆధారంతో నేను తేల్చలేను. నా మొగ్గు స్ట్రిప్ వైపు, ఎందుకంటే విడిపోయినది అక్కడే వెడల్పుగా ఉండాలి. అలాగే ఉందా?

హైవే_65
కాదు, మధ్యలో వెడల్పు ఎక్కువ. స్ట్రిప్ ఒక కొసకు ఉంది.

ఆటోనగర్_బాబాయి
అయితే తక్కువ గాలే మొదటి దోషి అంటాను. పగులు దానంతట అది పెరుగుతూ వచ్చి స్ట్రిప్ చిల్లును చేరింది, అక్కడ నీరు దొరికి తుప్పు పట్టింది.

రబ్బరు_మాస్టారు
అదీ సాధ్యమే. కాకపోతే ఆ గాలి తక్కువవడానికి కారణం ఆ చిల్లే అయి ఉండవచ్చు.

డాలస్_పద్మ
మరి మిగతా మూడు టైర్లు? అవీ 2018వే కదా.

హైవే_65
అవీ 2318వే. ఇప్పుడు వేసిన స్టెప్నీ కూడా అదే ఏడాదిది, కానీ అసలు నేల తాకలేదు, పైన రబ్బరు వెంట్రుకలు కూడా ఊడలేదు. దాన్ని కొత్తదిగా లెక్కపెట్టి ఆదివారం వెళ్లవచ్చా?

ఆటోనగర్_బాబాయి
తిరగని టైరు కొత్తదే. నేనైతే వాడతాను.

రబ్బరు_మాస్టారు
ఇక్కడ బాబాయి గారితో విభేదిస్తాను. స్టెప్నీలో కూడా గాలి నిండుగా ఉంది, ఇన్నేళ్లూ ఆక్సిజన్ లైనర్ దాటి లోపలికి పోతూనే ఉంది. డిక్కీలో ఎండ వేడి తక్కువేమీ కాదు. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్లకు మార్చమంటాయి, కొన్ని టైర్ల కంపెనీలు ఏటా చూపించుకుంటూ పదేళ్ల దాకా వాడవచ్చంటాయి. ఊళ్లో తిరగడానికి ఆ స్టెప్నీ సరే. మే నెల ఎండలో నలుగురితో 65వ నంబరు రహదారి మీద విజయవాడ దాకా నేను వెళ్లను.

హైవే_65
సరే, ఈ వారం రెండు కొత్తవి కొంటాను, మిగతా రెండు వచ్చే నెల. కొత్తవి ముందు వేయించాలా, వెనకా? షాపులో ముందు వేయమంటున్నారు.

రబ్బరు_మాస్టారు
వెనక. వానలో వెనక చక్రాలు పట్టు తప్పితే బండి గింగిరాలు తిరుగుతుంది, దాన్ని అదుపు చేయడం మామూలు డ్రైవరు వల్ల కాదు. కొనేముందు షాపులోనే నాలుగంకెలు చదవండి, ఏడాది దాటినవి వద్దనండి. ముందుకు వెళ్లే పాత రెండింటినీ జాకీ మీద లేపి, ట్రెడ్‌కు వెంట్రుకవాసి దూరంలో ఒక పుల్ల నిలబెట్టి చేత్తో మెల్లగా తిప్పండి. పుల్ల ఒక్క చోటే తగిలితే వచ్చే నెల దాకా ఆగకండి.